అరవై అడుగులకు ఒకసారి మొదటికొచ్చే అంకెలు

0, 1తో మొదలుపెట్టి, ఆ పైన ప్రతిసారీ వెనకున్న రెండు సంఖ్యలను కూడుతూ పోతే 0, 1, 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55, 89, 144 అనే వరుస వస్తుంది. దీన్ని ఫిబొనాచి వరుస అంటారు. ఇందులో సంఖ్యలు చాలా త్వరగా పెద్దవవుతాయి. 30వ పదం 8,32,040. 60వ పదం 15,48,00,87,55,920 దాకా, అంటే 13 అంకెల పొడవుకు చేరుతుంది. 1000వ పదం రాయాలంటే 209 అంకెలు కావాలి. సంఖ్యల పరిమాణానికి హద్దు లేదు. ఒకట్ల స్థానంలో ఉండే చివరి అంకె సంగతి మాత్రం వేరు. 60 అడుగులు వేశాక అది బయలుదేరిన చోటికే వస్తుంది, అక్కడి నుంచి అదే దారిలో మళ్లీ నడుస్తుంది. ఎంత దూరం వెళ్లినా ఆ దారి మారదు.

ఈ వరుస పుట్టింది సంఖ్యల కోసం కాదు, పద్యాల కోసం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. ఇన్ని మాత్రల గణాన్ని లఘుగురువులతో ఎన్ని రకాలుగా కట్టవచ్చు అన్నది ప్రాచీన భారతీయ ఛందశ్శాస్త్రజ్ఞుల ప్రశ్న. గణం చివర లఘువు ఉంటే, దాన్ని తీసేశాక ఒక మాత్ర తక్కువున్న గణం మిగులుతుంది. గురువు ఉంటే రెండు మాత్రలు తక్కువున్నది మిగులుతుంది. కాబట్టి ఒక్కో లెక్క దాని ముందున్న రెండు లెక్కల మొత్తం. ఒక మాత్రకు 1, రెండింటికి 2, మూడింటికి 3, నాలుగింటికి 5, ఐదింటికి 8. కంద పద్యం రాసినవాళ్లకు ఇందులో ఒక సంఖ్య బాగా తెలుసు. కందంలో వాడే గగ, భ, జ, స, నల గణాలు సరిగ్గా ఐదు. నాలుగు మాత్రల గణాలు అంతకు మించి ఉండవు. విరహాంకుడు, గోపాలుడు, 12వ శతాబ్దపు జైన పండితుడు హేమచంద్రుడు ఈ లెక్క చెప్పినవారిలో ఉన్నారు. ఇటలీలోని పీసా నగరానికి చెందిన లియొనార్డో 1202లో రాసిన గ్రంథంలో కుందేళ్ల సంతతి లెక్కగా ఇదే వరుసను ఇచ్చాడు. ప్రపంచంలో స్థిరపడింది ఆయన పేరే. చివరి అంకెలు 60కి ఒకసారి తిరిగి వస్తాయని 1774లో గమనించినవాడు జోసెఫ్ లూయీ లగ్రాంజ్.

చివరి అంకెను కనుక్కోవడానికి పూర్తి సంఖ్యలు అక్కర్లేదు. రెండు సంఖ్యలను కూడినప్పుడు మొత్తంలోని చివరి అంకెను నిర్ణయించేవి వాటి చివరి అంకెలే. పదుల స్థానం నుంచి ఎడమవైపు ఏమున్నా ఒకట్ల స్థానం మీద దాని ప్రభావం ఉండదు. 89కి 144 కలిపితే 233. 9కి 4 కలిపి 13లో 3 ఉంచుకున్నా వచ్చేది అదే అంకె. కాబట్టి లెక్కంతా ఒంటి అంకెలతోనే నడపవచ్చు. కూడాలి, పది దాటితే ఒకటిని వదిలేయాలి, మళ్లీ కూడాలి. అలా 60 అంకెలు రాస్తే వచ్చేది ఇది, వరుసకు 15 చొప్పున:

```
0 1 1 2 3 5 8 3 1 4 5 9 4 3 7
0 7 7 4 1 5 6 1 7 8 5 3 8 1 9
0 9 9 8 7 5 2 7 9 6 5 1 6 7 3
0 3 3 6 9 5 4 9 3 2 5 7 2 9 1
```

చివర ఉన్నవి 9, 1. వాటి మొత్తం 10, అంటే తర్వాతి అంకె 0. ఆ తర్వాత 1కి 0 కలిపితే 1. 0, 1 పక్కపక్కన వచ్చాయి కనుక మొదటి వరుస మళ్లీ మొదలైంది.

తిరిగి రావడం అన్నది పక్కపక్కనున్న రెండు అంకెల సంగతి, ఒక్క అంకెది కాదు. 1 అనే అంకె మొదటి వరుసలోనే మూడుసార్లు ఉంది. ఆ మూడుచోట్లా దాని తర్వాత వచ్చేవి 1, 2, 4. ఒక్క అంకెను చూసి తర్వాతిది చెప్పలేం. జంటను చూస్తే చెప్పగలం. వరుసలో ఏ చోటైనా జరగబోయేదంతా అక్కడున్న జంటలోనే ఉంటుంది. ఎక్కడైనా పాత జంట మళ్లీ కనబడిందంటే అక్కడి నుంచి పాత కథే.

జంటల సంఖ్యకు హద్దుంది. మొదటి స్థానంలో పది అంకెలు, రెండో స్థానంలో పది అంకెలు, మొత్తం 100 జంటలు. వరుస అంతం లేకుండా సాగుతుంటే, వంద దాటేసరికి ఏదో ఒక జంట రెండోసారి రాక తప్పదు. 101 ఉత్తరాలను 100 అరల్లో పెడితే ఒక అరలోనైనా రెండు పడతాయి కదా. అంటే 60 అన్న సంఖ్య తెలియకముందే, వందకు మించకుండా పునరావృత్తి ఉంటుందని చెప్పవచ్చు. 0, 0 జంట వస్తే ఆ పైన అన్నీ సున్నాలే, కనుక అది ఈ దారిలో ఉండదు. మిగిలేవి 99.

ఇక్కడ ఒక సందేహం ఉంది, దాన్ని దాటేసి వెళ్లకూడదు. ఏదో ఒక జంట తిరిగొస్తుందన్నంత మాత్రాన అది మొదటి జంటే కావాలని ఏముంది? దారి కొంత దూరం వెళ్లి, మధ్యలో ఎక్కడో చక్రంలో చిక్కుకుని, మొదటికి ఎన్నడూ రాకపోవచ్చు. అలా జరిగే నియమాలు ఉన్నాయి. ఒక అంకెను దానితోనే గుణించి చివరి అంకె ఉంచుకుంటూ పోవడం అలాంటిదే. 2తో మొదలుపెడితే 4, తర్వాత 6, తర్వాత 36లో 6, ఇక ఎప్పటికీ 6. 2 మళ్లీ రాదు. కూడిక నియమంలో ఇది జరగకపోవడానికి కారణం, దాన్ని వెనక్కి నడిపించవచ్చు. 7, 0 అనే జంట కనబడితే వాటి ముందున్న అంకె ఏదో చెప్పడానికి 0 నుంచి 7 తీసేయాలి. చాలకపోతే పది అప్పు తెచ్చుకుంటే 3 వస్తుంది. పట్టికలో 7, 0కి ముందున్నది 3నే. ప్రతి జంటకూ ముందు జంట ఒక్కటే ఉంటుంది. చక్రంలోకి బయటి నుంచి ఒక దారి వచ్చి కలిస్తే, కలిసిన చోట ఉన్న జంటకు వెనక రెండు జంటలు ఉండాలి. అది కుదరదు. కనుక తోక మిగలదు, దారి అంతా చక్రమే. మొదట తిరిగొచ్చేది మొదటి జంటే.

ఇక 60 ఎందుకు అన్న ప్రశ్న. దీనికి రెండు దారుల్లో జవాబు చెప్పవచ్చు. చూడడానికి సులువైనది పట్టికలోనే ఉంది. 15వ పదం 610. చివర 0, దాని తర్వాతి పదం 987, చివర 7. అంటే రెండో వరుస 0, 7తో మొదలవుతుంది. మొదటి వరుస 0, 1తో మొదలైంది. మొదలు ఏడు రెట్లయితే, నియమం కూడికే కనుక, ఆ తర్వాతివన్నీ ఏడు రెట్లవుతాయి. మొదటి వరుసలోని 8 కింద చూస్తే 6 ఉంది, ఏడెనిమిదులు 56. 9 కింద 3 ఉంది, ఏడు తొమ్మిదులు 63. పదిహేను నిలువు గళ్లలోనూ ఇంతే. రెండో వరుస నుంచి మూడోదానికి మళ్లీ ఏడు రెట్లు, మూడో దాని నుంచి నాలుగో దానికి మళ్లీ ఏడు రెట్లు. అందుకే వరుసల రెండో గడిలో పై నుంచి కిందికి 1, 7, 9, 3 ఉన్నాయి. మూడేళ్లు 21, మళ్లీ 1. నాలుగుసార్లు ఏడుతో గుణిస్తే 2401, దాని చివర 1. పదిహేను అడుగులు నాలుగుసార్లు, మొత్తం 60.

ఈ పట్టికలో మరికొన్ని సంగతులు కూడా దీనివల్లే. 5ను ఏడుతో గుణిస్తే 35 కనుక, 5 ఉన్న గళ్లలో నిలువునా 5లే. 0 కింద ఎప్పుడూ 0. మొదటి వరుసనూ మూడో వరుసనూ కలిపి చూస్తే, 1కి 9, 2కి 8, 3కి 7 ఎదురుగా ఉంటాయి. ఏడును రెండుసార్లు గుణిస్తే 49, అంటే 9 రెట్లు. ఒక అంకెకు దాని తొమ్మిది రెట్లు కలిపితే పది రెట్లు, చివర సున్నా. కాబట్టి 30 పదాల దూరంలో ఉన్న ఏ రెండు ఫిబొనాచి సంఖ్యలను కూడినా మొత్తం సున్నాతో ముగుస్తుంది. 4వ పదం 3, 34వ పదం 57,02,887. మొత్తం 57,02,890.

రెండో దారి పదిని విడగొడుతుంది. చివరి అంకె ఏదో తెలియాలంటే రెండు సంగతులు తెలిస్తే చాలు. సంఖ్య సరిదా బేసిదా అన్నది ఒకటి, దాన్ని ఐదుతో భాగిస్తే శేషం ఎంత అన్నది రెండోది. బేసి సంఖ్య, శేషం 2 అంటే చివరి అంకె 7 తప్ప మరొకటి కాదు. సరి, బేసిల చక్రం చాలా చిన్నది. సరి, బేసి, బేసి, మళ్లీ సరి, బేసి, బేసి. మూడు అడుగులకు ఒక చుట్టు. ఐదుతో భాగిస్తే వచ్చే శేషాలు 0, 1, 1, 2, 3, తర్వాత 0, 3, 3, 1, 4, తర్వాత 0, 4, 4, 3, 2, తర్వాత 0, 2, 2, 4, 1, అక్కడితో 20 అడుగుల చుట్టు పూర్తవుతుంది. ఒకటి 3కి, ఇంకొకటి 20కి తిరిగే రెండు చక్రాలు ఒకేసారి మొదటికి రావాలంటే వాటి కనిష్ఠ సామాన్య గుణిజం దాకా ఆగాలి. అది 60.

ప్రభవ నుంచి అక్షయ దాకా ఉన్న సంవత్సరాల చక్రం కూడా అరవైదే కావడం కాకతాళీయం. వాటికీ వీటికీ సంబంధం లేదు. ఏ అంకె ఎన్నిసార్లు వస్తుందన్న లెక్క మాత్రం ఈ రెండు చక్రాల నుంచి నేరుగా తేలుతుంది. ఐదు శేషాలూ 20 అడుగుల్లో నాలుగేసి సార్లు వస్తాయి. బేసి సంఖ్యలు సరి సంఖ్యలకు రెండింతలు. అందుకే 60 అంకెల్లో 1, 3, 5, 7, 9 ఒక్కొక్కటి ఎనిమిదిసార్లు, 0, 2, 4, 6, 8 ఒక్కొక్కటి నాలుగుసార్లు ఉంటాయి.

ఈ చక్రం చేతిలో ఉంటే ఎంత దూరపు పదానికైనా చివరి అంకె చెప్పవచ్చు. లగ్రాంజ్ దీన్ని గమనించిన సంవత్సరాన్నే తీసుకుంటే, 1774వ పదం చివరి అంకె ఏది? 1774ను 60తో భాగిస్తే 29 చుట్లు పోయి 34 మిగులుతుంది. పట్టికంతా గుర్తుండనక్కర్లేదు, మొదటి వరుస చాలు. 34లో రెండు పదిహేనులు, పైన 4. మొదటి వరుసలో 4వ పదం 3. రెండు పదిహేనులు దాటాం కనుక దాన్ని ఏడుతో రెండుసార్లు, అంటే తొమ్మిదితో గుణించాలి. 27, చివరి అంకె 7. పైన 34వ పదం 57,02,887 అని చూశాం, అదీ 7తోనే ముగిసింది. 1000వ పదానికైతే 60తో భాగించాక 40 మిగులుతుంది. 40లో రెండు పదిహేనులు, పైన 10. 10వ పదం 55, చివర 5. తొమ్మిదైదులు 45, కనుక 209 అంకెల ఆ సంఖ్య 5తో ముగుస్తుంది.

ఇందులో ఎక్కువగా జరిగే పొరపాటు వరుస సంఖ్య దగ్గర. పైన 0ను 0వ పదంగా లెక్కించాం. కొన్ని పుస్తకాలు 0ను వదిలేసి 1, 1తో మొదలుపెడతాయి. అప్పుడు మొదటి 1 ఒకటో పదం కనుక ఇబ్బంది లేదు, లెక్క కలుస్తుంది. 0నే ఒకటో పదం అనుకున్నా, 1, 2తో మొదలుపెట్టినా అన్నీ ఒక అడుగు జరిగిపోతాయి. పైన చెప్పిన మాత్రల లెక్క 1, 2తో మొదలయ్యే రకమే. తేడా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి 15వ పదాన్ని చూడాలి. అది 610 అయితే లెక్క సరిగ్గా ఉంది. 377 గానీ 987 గానీ అయితే ఒక అడుగు అటో ఇటో జరిగింది.

రెండో పొరపాటు కంప్యూటర్ మీద జరుగుతుంది. అది కంటికి కనబడకుండా జరుగుతుంది కనుక మరింత చెడ్డది. ఎక్సెల్ షీటులో మొదటి గడిలో 0, రెండో గడిలో 1 వేసి, మూడో గడి నుంచి పై రెండింటినీ కూడమంటే వరుస చకచకా దిగుతుంది. 73వ పదం దాకా అన్నీ సరిగ్గానే ఉంటాయి. దానికి 15 అంకెలు ఉన్నాయి. ఎక్సెల్ చూపించేది కూడా 15 అంకెల వరకే. 74వ పదం నిజానికి 1304969544928657. షీటులో మాత్రం చివరి 57 బదులు 60 కనబడుతుంది, పదహారో అంకె స్థానంలో సున్నా పెట్టేస్తుంది. అక్కడి నుంచి కిందున్న ప్రతి సంఖ్యా సున్నాతోనే ముగుస్తుంది. చివరి అంకెల చక్రం అక్కడ ఆగిపోయిందని అనుకునే ప్రమాదం ఉంది. సున్నాతో ముగిసే ఫిబొనాచి సంఖ్యలు 15కి ఒకటి మాత్రమే. రెండు పక్కపక్కన సున్నాతో ముగిశాయంటే తప్పు వరుసది కాదు, దాన్ని చూపించే యంత్రానిది. పెద్ద సంఖ్యలను పెరగనివ్వకుండా, ప్రతి అడుగులోనూ చివరి అంకెను మాత్రమే ఉంచుకుంటే ఈ బాధ ఉండదు. A1లో 0, A2లో 1 వేసి, A3లో ఇది రాసి కిందికి లాగాలి:

```
=MOD(A1+A2,10)
```

పది దాటిన వెంటనే ఒకట్ల స్థానం మాత్రమే మిగులుతుంది. A61లో 0, A62లో 1 కనబడతాయి. A1లో ఉన్నది 0వ పదం కనుక, 60వ పదం 61వ గడిలో ఉంటుంది.

ఇంతవరకు 0, 1తో మొదలైన వరుస సంగతి. అదే నియమంతో వేరే సంఖ్యల నుంచి మొదలుపెడితే ఏమవుతుంది? ఈ విషయంలో చూడముచ్చటైన భాగం ఇదే. వెనక్కి నడిచే గుణం వల్ల ప్రతి జంటా ఏదో ఒక చక్రంలో ఉండి తీరాలి, రెండు చక్రాల్లో ఉండకూడదు. ఫిబొనాచి చక్రం వంద జంటల్లో 60 తీసుకుంది. మిగిలిన 40 జంటలు ఎక్కడున్నాయి? అవి మరో ఐదు చక్రాల్లో ఉన్నాయి.

2, 1తో మొదలుపెడితే 2, 1, 3, 4, 7, 11, 18, 29, 47, 76, 123, 199, 322, 521 వస్తాయి. 19వ శతాబ్దపు ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఎద్వార్ లూకా పేరుతో వీటిని లూకా సంఖ్యలు అంటారు. ఫిబొనాచి వరుసకు ఆ పేరు పెట్టినవాడు కూడా ఆయనే. వీటి చివరి అంకెలు 2, 1, 3, 4, 7, 1, 8, 9, 7, 6, 3, 9. పన్నెండు అడుగులకే మళ్లీ 2, 1. ఈ చక్రంలో 0 లేదు, 5 లేదు. లూకా సంఖ్య ఏదీ 5తో భాగింపబడదన్న మాట, ఎంత పెద్దదైనా సరే. 0, 2తో మొదలుపెడితే ఫిబొనాచి అంకెలకు రెండింతలు వస్తాయి, అన్నీ సరి అంకెలే. సరి, బేసిల చక్రం తిరగనక్కర్లేదు కనుక 20 అడుగులు చాలు. 2, 6తో మొదలుపెడితే 8, 4, మళ్లీ 2, 6. నాలుగే. 0, 5తో మొదలుపెడితే 5, మళ్లీ 0, 5. మూడే. చివరికి 0, 0, కదలనే కదలదు, అది ఒక్కటి. 60, 20, 12, 4, 3, 1 కూడితే సరిగ్గా వంద. ఒక్క జంటా మిగల్లేదు.

చేతికొచ్చిన ఏ రెండు సంఖ్యలు ఇచ్చినా అవి ఏ చక్రంలో పడతాయో ముందే చెప్పవచ్చు. రెండూ 5తో భాగింపబడేవైతే 3 అడుగుల చక్రం, రెండూ సున్నాతో ముగిస్తే కదలనిది. అలా కాకపోతే మొదటి సంఖ్యను మూడుతో గుణించి 5తో భాగించాలి. ఆ శేషమూ, రెండో సంఖ్యను 5తో భాగిస్తే వచ్చే శేషమూ ఒకటే అయితే చిన్న చక్రం, అంటే 12. రెండు సంఖ్యలూ సరి అయితే 4. శేషాలు కలవకపోతే పెద్ద చక్రం, అంటే 60. రెండూ సరి అయితే 20. ఉదాహరణకు 6, 9 తీసుకుంటే, మూడారులు 18, శేషం 3. తొమ్మిదికి శేషం 4. కలవలేదు, సంఖ్యలు రెండూ సరి కావు, కనుక 60 అడుగుల చక్రం. పట్టిక నాలుగో వరుసలో 3, 3 తర్వాత 6, 9 ఉన్నాయి. 4, 7 తీసుకుంటే, 12కి శేషం 2, ఏడుకీ శేషం 2. కలిశాయి, పన్నెండు చాలు.

మూడుతో గుణించడం ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఐదు శేషాల లోకంలో 3కు ఒక ప్రత్యేకత ఉంది. 1, 3, 9, 27 అని మూడు రెట్లు చేస్తూ పోతే శేషాలు 1, 3, 4, 2. ఇందులో 1కి 3 కలిపితే 4. 3కి 4 కలిపితే 7, శేషం 2. 4కి 2 కలిపితే 6, శేషం 1. గుణిస్తూ పోయిన వరుసే కూడుతూ పోయిన వరుస కూడా అయింది. అలాంటి వరుస నాలుగు అడుగులకే తిరిగి వస్తుంది, దాన్ని సరి, బేసిల మూడడుగుల చక్రంతో కలిపితే 12. ఈ ప్రత్యేక జంటల్లో పడనివి ఐదు రెట్లు ఎక్కువ నడవాలి. నాలుగు బదులు ఇరవై కావడం అందుకే.

చివరి రెండు అంకెలనూ చూస్తే చక్రం 300 అడుగులకు పెరుగుతుంది. చివరి మూడు అంకెలకు 1,500. నాలుగింటికి 15,000, ఐదింటికి 1,50,000. అప్పటి ఐబీఎం 1620 కంప్యూటర్‌తో ఈ లెక్కలు చేయించి స్టీఫెన్ గెల్లర్ 1963లో ప్రచురించాడు. మొదట ఐదు రెట్లు, మళ్లీ ఐదు రెట్లు, ఆ తర్వాత ఎప్పుడూ పది రెట్లు. ఈ అసమానత వింతగా కనబడుతుంది కానీ పది విడగొట్టిన దారిలో వెళ్తే విడిపోతుంది. 5 శేషాలకు 20 అడుగులైతే 25 శేషాలకు 100, 125కి 500, 625కి 2,500. ప్రతిసారీ ఐదు రెట్లు. 2 వైపు 3 అడుగులు, 4కి 6, 8కి 12, 16కి 24. ప్రతిసారీ రెండు రెట్లు. ఈ రెండింటినీ కలిపితే ప్రతిసారీ పది రెట్లు కావాలి. కానీ 20లో ముందే 4 అనే గుణకం దాగి ఉంది. 6, 12 అడుగుల చక్రాల్లో కొత్తగా చేరిన రెట్టింపులు ఆ నాలుగులోనే ఇమిడిపోతాయి. అందుకే మొదటి రెండుసార్లూ రెండు వైపు పెరుగుదల కనబడదు. 24 దగ్గర 8 అనే గుణకం వచ్చి, నాలుగును దాటుతుంది. అక్కడి నుంచి రెండో వైపు పెరుగుదల కూడా లెక్కలోకి వస్తుంది.

చివరి అంకె అన్నది మనం పదులుగా లెక్కపెట్టడం వల్ల వచ్చిన సంగతి. పన్నెండుగా, అంటే డజన్ల పద్ధతిలో సంఖ్యలు రాస్తే చివరి అంకెల చక్రం 24 అడుగులే. కంప్యూటర్లలో వాడే పదహారుల పద్ధతిలోనూ 24. ఏ సంఖ్యతో భాగించి శేషాలు చూసినా, ఫిబొనాచి వరుస చక్రం ఆ సంఖ్యకు ఆరు రెట్లను మించదు. ఈ చక్రాల పొడవును పీసా లియొనార్డో పేరు మీద పిసానో ఆవర్తనం అంటారు. 1960లో డి.డి. వాల్ వీటిని క్రమపద్ధతిలో అధ్యయనం చేసిన వ్యాసం ప్రచురించాడు. ఆరు రెట్ల హద్దును సరిగ్గా అందుకునేవి 10, 50, 250, అలా ఐదేసి రెట్లు పెరిగే సంఖ్యలు మాత్రమే. పదికి 60, యాభైకి 300. పది వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లకు ఈ వరుసలో దొరికింది, తన పరిమాణానికి తగ్గట్టు చూస్తే అన్నిటికన్నా పొడవైన చక్రం.